వ్యాసంలో కనపడని అత్త

"నమస్కారం మేడమ్. మాది పర్లాకిమిడి. బీఎడ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ చేస్తున్న బడిలో ఏడో తరగతి పిల్లలిద్దరు కంపాస్ కోసం కొట్టుకున్నారు. ఒకడు మా ఆడపడుచు కొడుకు, ఇంకొకడు హాస్టల్లో ఉండే సవర అబ్బాయి. సవర అబ్బాయిని నేను పీరియడ్ అయ్యేదాకా బయట నిలబెట్టాను. తర్వాత హెడ్‌మాస్టర్ విచారిస్తే తప్పు మావాడిదని తేలింది. వదినని బడికి పిలిపించారు. అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నా ఫీజు కట్టింది వాళ్ళే. 'కాలేజీ కాగితంలో మనింటి పిల్లాడి సంగతి రాస్తావా' అని మా అత్తగారు. ఈ గొడవ మీద గిబ్స్ పద్ధతిలో క్రిటికల్ ఇన్సిడెంట్ వ్యాసం రాస్తే, వర్ణనే ఉంది, విశ్లేషణ లేదని లెక్చరర్ తిప్పి పంపారు. తెలుగులో రాసుకున్న చిత్తుప్రతి జతచేశాను. వేరే పద్ధతిలో రాయనా? లేక వేరే గొడవేదైనా కల్పించి రాయనా? పది రోజులే టైముంది. ఆ కంపాస్ ఇంకా మావాడి దగ్గరే ఉంది."

కల్పించి రాయొద్దు. జరిగినదాన్ని ఆరు మెట్లలో తిరిగి చూసుకునే గిబ్స్ పద్ధతినీ మార్చొద్దు. మీరడిగిన రెండింటికీ ఇంతే జవాబు. డ్రిస్కాల్ పద్ధతిలోని మూడు ప్రశ్నలు (ఏం జరిగింది, అయితే ఏమిటి, ఇప్పుడేం చేయాలి) పట్టుకున్నా మీరు రాసేది ఈ వ్యాసమే. కాస్త పొట్టిగా ఉంటుంది, అంతే.

మీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. అందులో ఇద్దరు పిల్లలున్నారు, హెడ్‌మాస్టరున్నారు, ఒక టీచరుంది. ఆ పిల్లాడి అత్త, అంటే మీరు, మాత్రం లేదు. నాకు నాలుగు మాటల్లో చెప్పిన సంగతి లెక్చరర్‌కి ఆరు పేజీల్లో ఎక్కడా విప్పి చెప్పలేదు. విశ్లేషణ లేదని వాళ్ళకి అనిపించింది అందుకే. ఎందుకు అలా చేశారన్న ప్రశ్నకి జవాబే మీరు దాచేశాక, ఇంక విశ్లేషించడానికేం మిగులుతుంది? ఆ ఖాళీలో మనిషి అవసరాల గురించిన మాస్లో పిరమిడ్ మీద ఒక పేరా దించారు. దాన్ని కొట్టేయండి. ఆ పేరా ఏ వ్యాసంలో పెట్టినా సరిపోతుంది, అదే దాని లోపం.

ముందు ఒక పని చేయండి. చిత్తుప్రతి తెలుగులో ఉండటం మీ అదృష్టం, ఇంగ్లిష్‌లోకి మార్చేలోపు ఇది చూడండి. మొదటి రెండు పేజీల్లో పిల్లలు చేసిన పనులు చెప్పే క్రియల కింద గీత గీయండి. నేను గీశాను. మీ మేనల్లుడి దగ్గరికొచ్చేసరికి "చేయి తగిలింది", "కంపాస్ కింద పడింది", "మాట జారింది" అని రాశారు. ఆ రెండో అబ్బాయి దగ్గర "తోశాడు", "లాక్కున్నాడు", "మొండిగా నిలబడ్డాడు" అని ఉంది. ఒకడికి అన్నీ వాటంతటవే జరిగిపోయాయి, ఇంకొకడు అన్నీ కావాలనే చేశాడు. మనవాడు తప్పు చేస్తే పరిస్థితిని అంటాం, పరాయివాడు చేస్తే బుద్ధిని అంటాం. మనస్తత్వ శాస్త్రంలో దీని వెనకున్న పొరపాటుకి పేరుంది. ఎదుటివాడి పనికి వాడి స్వభావమే కారణమని చప్పున తేల్చేసే పొరపాటుని 1977లో లీ రాస్ 'ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్' అన్నాడు. మాస్లో ఉన్నచోట దీన్ని పెట్టండి. ఉదాహరణ వెతుక్కోవాల్సిన పని లేదు, మీ చేతిరాతలోనే ఉంది.

గ్రాహమ్ గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్లలో మొదటిది వర్ణన. మీ కాగితంలో నాలుగు పేజీలు అదే. ఒక పేజీకి దించండి. ఏ పీరియడ్, ఏం పని ఇచ్చారు, ఎవరేం చేశారు, మీరేమన్నారు, ఎంతసేపు నిలబెట్టారు. అంతవరకే. "మొండిగా" లాంటి మాట వర్ణనలో ఉండకూడదు, అది అప్పటికే తీర్పు. "తల దించుకున్నాడు, జవాబు చెప్పలేదు" అని రాయండి. కంటికి కనపడింది అదే కదా.

రెండో మెట్టు, ఆ సమయంలో మీకేమనిపించింది. "చాలా బాధ కలిగింది" అని ఒక వాక్యంతో దాటేశారు. నేను నమ్మను. క్లాసులో మీవాడు అలవాటుగా, టీచర్ని పిలిచినట్టు 'దిదీ' అనేవాడు, ఆ రోజు గొడవలో 'అత్తా' అన్నాడని రాశారు. ఆ పిలుపు వినగానే మీ మనసులో ఏం మెదిలింది? సాయంత్రం వదిన మొహం ఎలా చూడాలా అని కాదా? అది రాయండి. గిబ్స్ పద్ధతిలో చాలామంది జారిపోయేది ఇక్కడే. అనుభూతుల మెట్టులో మర్యాదైన మాటలు రాస్తే విశ్లేషణకి ముడిసరుకు ఉండదు. ఆ పద్ధతికీ ఒక లోటుంది: నీకేమనిపించింది అని అడుగుతుంది గానీ, వాళ్ళకి నువ్వేమవుతావు అని అడగదు. ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి.

మూడోదాని మీద, అంటే మంచిచెడ్డల అంచనా మీద ఎక్కువ చెప్పను. దెబ్బలాటని వెంటనే ఆపారు, ఎవరికీ గాయం కాలేదు, అది మంచి. మిగతాది చెడ్డ. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునీ నిషేధిస్తుంది. అందరూ చూస్తుండగా ఒక్కణ్ణే పీరియడంతా బయట నిలబెట్టడాన్ని ఆ వెలుగులో చూడండి. "క్రమశిక్షణ కోసం" అన్న మాట తీసేయండి.

ఇంక విశ్లేషణ. క్రియల సంగతి చెప్పాను. రెండోది భాష. బడి ఒడియా మీడియం. ఇద్దర్నీ మీరు ఒడియాలోనే "ఎవరు మొదలుపెట్టారు?" అని అడిగారు. మీవాడు తెలుగులోకి మారిపోయి కథంతా అల్లాడు, అదీ ఇంటి భాషలో, అత్తతో. సవర అబ్బాయి మూడు ఒడియా ముక్కలన్నాడు, "నాది... వాడు... తీశాడు", ఆపైన నోరు మూసుకున్నాడు. ఒక పక్క పూర్తి కథ, ఇంకో పక్క మూడు ముక్కలు. మీరు కథని నమ్మారు. ఆ మూడు ముక్కల్లో నిజమంతా ఉందని హెడ్‌మాస్టర్ విచారణలో తేలింది. అంటే మీరు తూచింది సాక్ష్యాన్ని కాదు, మాట్లాడే నేర్పుని. వాడి మౌనం మీకు మొండితనంలా కనపడింది. ఈ మాట పర్లాకిమిడి మనిషికి నేను చెప్పాల్సి రావడం విచిత్రమే. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్ళోనే పంతులుగా ఉండి, సవరభాష నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పేరు చెప్పుకునే ఊళ్ళో సవర పిల్లాడు మూడు ముక్కలతో ఆగిపోతే ఎందుకని అడిగేవాళ్ళు లేకపోయారు.

విద్యా పరిశోధకుడు డేవిడ్ ట్రిప్ 1993లో చెప్పిన మాట ఒకటి ఇక్కడ పనికొస్తుంది. సంఘటన దానంతటది 'క్రిటికల్' అవదు, మనం దాన్ని చదివే తీరుని బట్టి అవుతుంది. కంపాస్ కోసం పిల్లలు కొట్టుకోవడం రోజూ ఉండేదే. అత్త తీర్పరిగా కూర్చుందే, అదీ సంఘటన.

అయిదో మెట్టు, ఇంకేం చేసి ఉండొచ్చు. ఇద్దర్నీ విడదీసి, కాస్త చల్లారనిచ్చి, ఒక్కొక్కణ్ణి వేరుగా "ఏం జరిగింది?" అని అడగొచ్చు. "ఎవరు మొదలుపెట్టారు" అంటే ఏ పిల్లాడైనా వకీలైపోతాడు. సవర తెలిసిన పెద్దవాళ్ళు హాస్టల్లో ఎవరైనా ఉంటే పిలవొచ్చు. తోటి పిల్లాణ్ణి మాత్రం దుబాసీగా పెట్టొద్దు, రేపు వాడికీ గొడవ తగులుతుంది. అన్నిటికన్నా ముందు, "వీడు మా బంధువు, మీరు చూడండి సార్" అని క్లాస్ టీచర్‌కి అప్పగించి తప్పుకోవచ్చు. ఆరోది కార్యాచరణ. "ఇకపై ఓపికగా ఉంటాను" అన్నది ప్లాన్ కాదు, మొక్కు. ఎవరితో ఏం చెబుతారు, ఏ రోజుకి, అది జరిగిందని ఎలా తెలుస్తుంది, అవి రాయండి.

మీ అత్తగారి మాటలో సగం న్యాయముంది. పిల్లల పేర్లు రాయకూడదు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు కూడా, చిన్న ఊళ్ళో "హాస్టల్ సవర అబ్బాయి, ఫలానా ఆయన కొడుకు" అంటే పోల్చుకోవడం ఎంతసేపు? బడి పేరు తీసేయండి, పిల్లల్ని విద్యార్థి 'క', విద్యార్థి 'చ' అనండి, తండ్రుల ఉద్యోగాలు వదిలేయండి. 'చ' మాతృభాష బడి భాష కాదని మాత్రం ఉంచండి, అది లేకపోతే విశ్లేషణ కూలిపోతుంది. "విద్యార్థి 'క' నాకు దగ్గర బంధువు" అనే ఒక్క వాక్యమూ ఉంచండి. ఆడపడుచు కొడుకని చెప్పక్కర్లేదు. అత్తగారికి ఈ మాటే చెప్పండి, ఒప్పుకుంటారు.

అసలు చిక్కు మీ వదినగారితో. ఫీజు కట్టారు కాబట్టి ఆవిడ కొడుక్కి బళ్ళో కాపు కాయాలని మీ ఇద్దరిలో ఎవరూ నోటితో అనలేదు. ఇద్దరూ అలాగే అనుకున్నారు. డబ్బు తీసుకున్నప్పుడు కృతజ్ఞత ఉండాల్సిందే, లేదని నేననను. మా ఇంట్లో ఒకళ్ళ సాయంతో చదువుకున్నదాన్నే నేనూ, ఆ బరువు నాకు తెలుసు. ఉద్యోగం రాగానే నెలనెలా ఇంతని తీర్చండి. మీవాడికి ఇంట్లో లెక్కలు చెప్పండి, పండక్కి ఆవిడ వంటింట్లో చేయి వేయండి. కానీ ఆ బాకీ మీరొక్కరే తీర్చాలి. ఆ రోజు మీ బాకీలో కొంత హాస్టల్ పిల్లాడు గుమ్మం బయట నిలబడి కట్టాడు.

మీ ఆయన చేత కబురు పంపొద్దు. ఆయన "సారీ చెప్పేశాం లెండి" అని ముగించేస్తారు, దేనికి సారీయో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం పూట, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు మీరే వెళ్ళండి. "వదినా, మీకు కబురు బడి నుంచి వచ్చేలోపు నేనే వచ్చి చెప్పి ఉండాల్సింది, అది నా తప్పు" అనండి. అది నిజంగానే మీ తప్పు. "వాణ్ణి కాపాడలేకపోయాను" అని మాత్రం అనొద్దు. ఒకసారి అన్నారంటే, వాడు ఆ బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ మాటకి కట్టుబడి ఉండాలి. ఆవిడ కసురుకుంటే కసురుకోనివ్వండి. ఓ అరగంట కూర్చుని రండి.

పది రోజులున్నాయి కదా, వ్యాసం మూడో రోజున మొదలుపెట్టినా చాలు. కంపాస్ రేపే ఇప్పించండి. మీరు తీసుకెళ్ళి ఇవ్వొద్దు, మీవాడి చేత ఇప్పించండి, మీరు పక్కన నిలబడండి. ఆ తర్వాత ఆ రోజు బయట నిలబెట్టినందుకు మీ మాట మీరు ఆ పిల్లాడికి చెప్పండి. సవరలో ఆ మాట ఎలా అనాలో ఈ సాయంత్రమే హాస్టల్లో ఎవరినైనా అడిగి నేర్చుకోండి.