గెలిచిన రాత్రి గురించి చెప్పకండి

మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు దగ్గర గుమస్తాను. ఫోన్‌లో రమ్మీ ఆడి 4,80,000 అప్పు చేశాను. వచ్చే ఆదివారానికి మానేసి ఏడాది. మా సపోర్ట్ గ్రూపులో పది నిమిషాలు మాట్లాడమన్నారు. మొదటిసారి ఒకే రాత్రి 42 వేలు గెలవడం దగ్గర మొదలుపెట్టి రాసుకున్నాను. జీతం ఇప్పుడు నా భార్య ఖాతాలో పడుతోంది. మిత్తి లేకుండా నెలకు 12 వేలు కట్టేలా అప్పులవాళ్లను ఒప్పించాం. ఇంకా 3,36,000 ఉంది. తీరిపోయిందని చెబితే కొత్తవాళ్లకు ధైర్యం వస్తుందేమో! నా భార్య కూడా వస్తానంటోంది. ఆమె పుస్తెలతాడు గిరవి పెట్టిన సంగతి చెప్పాలా?

మీరు రాసుకున్న కాగితంలో మొదటి పేరా కొట్టేయండి. ఆదివారం మీ ఎదురుగా కూర్చునేవాళ్లలో మానేసి నాలుగు రోజులే అయినవాళ్లు ఉండవచ్చు. మీ అప్పు, మీ ఏడుపు వాళ్ల చెవికి ఎక్కవు. 42 వేలు అన్న అంకె మాత్రం ఎక్కుతుంది. జూదం చాలామందిని మొదట్లో వచ్చిన ఒక పెద్ద గెలుపుతోనే పట్టుకుంటుంది. తర్వాత పోగొట్టుకునేదంతా ఆ రాత్రి మళ్లీ వస్తుందనే ఆశతోనే. పత్తాలు ఎలా పడ్డాయో, జోకర్ ఎప్పుడొచ్చిందో వర్ణిస్తుంటే వినేవాడికి చేతులు ఆగవు. నేను కూర్చున్న ఒక గ్రూపులో ఒకాయన క్రికెట్ పందేల గురించి ఊపుగా చెబుతుంటే, వెనక వరసలో ఒక కుర్రాడు మోకాలు ఆడిస్తూ ఆడిస్తూ మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రే మళ్లీ ఆడానని తర్వాతి వారం వచ్చి తనే చెప్పాడు.

యాప్ పేరు కూడా వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో 2017లోనే నిషేధించారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అయినా మీరు ఏ దారిన ఆడగలిగారో అక్కడ ఎవరికీ తెలియనక్కర్లేదు.

మీ మాట జీతం రోజుతో మొదలుపెట్టండి. జీతం భార్య ఖాతాలో వేయమని సేటును అడగడానికి మీరు ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చారు? ఎందుకని ఆయన అడిగితే ఏమన్నారు? కొత్తగా వచ్చినవాడు రేపు పొద్దున చేయాల్సిన పని అదే, దాన్ని చేసిన మనిషి నోటి నుంచి వినాలి. పత్తి సీజన్‌లో రైతులకు ఇచ్చే పైసలు మీ చేతుల మీదుగా పోతుంటాయి కదా. ఆ నగదు పని వేరేవాళ్లకు అప్పగించి ఉంటే అదీ చెప్పండి. ఇంకా మీ దగ్గరే ఉంటే, ఉపన్యాసం కన్నా ముందు ఆ పని మార్పించుకోండి.

అప్పు తీరిందని మాత్రం చెప్పకండి. ఇన్నాళ్లూ ఆట నడిచిందే అలాంటి అబద్ధాల మీద. లెక్క ఉన్నదున్నట్టు చదవండి: నెలకు 12 వేల చొప్పున ఏడాదిలో 1,44,000 కట్టాను, మిగతాది తీరడానికి ఇంకా 28 నెలలు పడుతుంది. అప్పులవాళ్ల ఫోన్‌కు భయపడి 'ఒక్క గెలుపుతో అంతా తీర్చేస్తా' అనుకునేవాడికి ఈ 28 నెలల లెక్కే పనికొస్తుంది. పోయినదాన్ని ఆటలోనే రాబట్టాలనుకోవడం దగ్గరే చాలామంది మళ్లీ జారిపోతారు. ఈ మధ్య మీకూ ఆడాలనిపించిన రోజు ఉంటే దాచకండి. ఆ గంట ఎలా గడిచిందో, ఎవరికి ఫోన్ చేశారో చెప్పండి.

ఒక జాగ్రత్త మీకు. చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చిన రాత్రి, 'ఏడాది ఆగినవాణ్ని, ఒక్క ఆటలో ఏమవుతుంది' అన్న ఆలోచన రావచ్చు. ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఫోన్ భార్య చేతికి ఇచ్చేయండి. గ్రూపులో ఒకరికి ముందే చెప్పి పెట్టుకోండి, పది గంటలకు మీకు కాల్ చేయమని. మనసు మరీ లాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రిపూట కూడా పలుకుతుంది, డబ్బులు కట్టనక్కర్లేదు.

ఇక పుస్తెలతాడు. గిరవి పెట్టింది మీరే అయినా ఆ కథ మీ ఒక్కరిది కాదు. మెడలో పసుపుకొమ్ము కట్టుకుని, కొంగు కప్పుకుని చుట్టాల పెళ్లిలో కూర్చున్న రోజు ఎలా ఉందో ఆమెకు తెలుసు. హన్మకొండ ఎంత ఊరు? ఆ గదిలో ఆమె పుట్టింటివాళ్లకు తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు. అందరి ముందు ఆమెను క్షమాపణ కూడా అడగకండి. అంతమంది చూస్తుంటే ఆమె కాదనలేక తలూపి, ఇంటికొచ్చి ఏడుస్తుంది. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక కాగితం మొత్తం ఆమెకు చదివి వినిపించండి. పుస్తెలతాడు మాట వచ్చినప్పుడు ఆగి, ఉంచమంటావా అని అడగండి. ఆమె జవాబు చెప్పకపోయినా ఆ వాక్యం కొట్టేయండి.