టాలీ నుంచి ఈఆర్పీకి మారుతున్న కంపెనీలో మాస్టర్ల పని ఒప్పుకోవాలా?

ప్రశ్న: మేడమ్, మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. బీకాం కంప్యూటర్స్ అయ్యాక పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో చేరాను. వచ్చే ఏప్రిల్ 1 నుంచి మా కంపెనీ టాలీ వదిలి ఈఆర్పీకి మారుతోంది. అప్పటిదాకా కస్టమర్, వెండర్, ఐటమ్ మాస్టర్లు శుభ్రం చేసే పని నన్ను చూడమంటున్నారు. అది గుమాస్తా పని, మానేసి విశాఖలో శాప్ కోర్సు చేయమంటున్నాడు అన్నయ్య. ఏం చేయమంటారు?

జవాబు: ఒప్పుకో అమ్మా. అయితే ముందు మీ మేనేజర్‌ని ఒక్క మాట అడుగు. వాళ్లిచ్చిన ఎక్సెల్ షీట్ నింపడం వరకే నీ పని అయితే మీ అన్నయ్య అన్నదే నిజం. ఏ రెండు లెడ్జర్లు ఒకే మనిషివో తేల్చడం, డేటా కొత్త సిస్టమ్‌లో లోడ్ అయ్యాక పాత లెక్కతో కొత్త లెక్క సరిచూడడం కూడా నీకే అప్పగిస్తే మాత్రం వదులుకోకు. కోర్సులో డెమో కంపెనీ డేటా ఇస్తారు. అందులో ఒకే వ్యాపారి మూడు పేర్లతో ఉండడు.

మీ దగ్గర ఉంటాడు. టాలీలో ఓచర్ కొడుతూ కొడుతూనే `Alt+C` నొక్కి కొత్త లెడ్జర్ తెరిచేయొచ్చు కదా. సీజన్లో పిక్కల లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే పాత లెడ్జర్ ఉందో లేదో వెతికే ఓపిక ఎవరికుంటుంది? పైగా ఒకరు `Sri` అని కొడతారు, ఇంకొకరు `Sree` అని, మరొకరు `Shri` అని. అందుకే పేర్లు చూసి జంటల్ని పట్టుకోవాలనుకోకు. జీఎస్‌టీ నంబరుతో మొదలుపెట్టు. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మనకు 37, ఒడిశాకు 21. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. జీఎస్‌టీ నంబరు B కాలమ్‌లో ఉంటే, C కాలమ్‌లో పాన్ విడదీసి, D కాలమ్‌లో అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు:

```
C2: =MID(B2,3,10)
D2: =IF(C2="","",COUNTIF(C:C,C2))
```

రెండు, అంతకు మించి వచ్చినవన్నీ అనుమానితులే. అలాగని అన్నిటినీ కలిపేయకూడదు. పలాసలోనూ బరంపురంలోనూ దుకాణాలున్న వ్యాపారికి పాన్ ఒకటే, జీఎస్‌టీ నంబర్లు రెండు. ఒడిశా బిల్లుకు ఐజీఎస్‌టీ, మన రాష్ట్రం బిల్లుకు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడతాయి కాబట్టి ఆ రెండు నంబర్లూ కొత్త సిస్టమ్‌లో విడివిడిగానే ఉండాలి. ఒకే వెండర్ కింద రెండు చిరునామాలుగా పెట్టాలా, రెండు కోడ్‌లు ఇవ్వాలా అన్నది ఆ ఈఆర్పీని బట్టి ఉంటుంది. కన్సల్టెంట్‌ని అడుగు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యాపారికి మూడు లెడ్జర్లున్నాయి అనుకో. మొదటి దాంట్లో మనం ఇవ్వాల్సిన బిల్లు రూ.3,20,000. రెండో దాంట్లో అతనికి ముందే ఇచ్చిన అడ్వాన్సు రూ.45,000. ఈ రెండింటికీ జీఎస్‌టీ నంబరు ఒకటే. మూడో దాంట్లో బాకీ సున్నా, జీఎస్‌టీ నంబరు లేదు, ఫోన్ నంబరు మాత్రం అదే. ఇవి మూడు కోడ్‌లుగా వెళ్తే ఏప్రిల్లో బాకీలన్నీ ఒకేసారి చెల్లించే పేమెంట్ రన్ పూర్తి రూ.3,20,000 పంపేస్తుంది. అడ్వాన్సు వేరే కోడ్ మీద అలాగే వేలాడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కకుండా ఈఆర్పీ ఆపేది వెండర్ కోడ్, బిల్లు నంబరు కలిపి చూసి. కోడ్‌లు రెండైతే అదే బిల్లు రెండోసారి కూడా నిక్షేపంగా దూరిపోతుంది.

కాబట్టి మూడింటికీ ఒకే కొత్త కోడ్ ఇవ్వాలి. కానీ రూ.2,75,000 నికర బాకీ అని ఒక్క అంకె మాత్రం ఎక్కించకు. బిల్లు దాని తేదీతో, నంబరుతో వెళ్లాలి. అడ్వాన్సు అడ్వాన్సుగానే వెళ్లాలి. రేపు ఆ వ్యాపారి స్టేట్‌మెంట్ పట్టుకొచ్చినప్పుడు సరిపోల్చాల్సింది ఆ వివరాలతోనే. మూడు పాత లెడ్జర్లు ఏ కొత్త కోడ్‌లోకి వెళ్లాయో ఒక షీట్‌లో రాసిపెట్టుకో. మే నెలలో ఆడిటర్ అడిగేది ఆ షీటే.

ఉద్దానం రైతులకు జీఎస్‌టీ నంబరు ఉండదు, అక్కడ ఈ ఫార్ములా పనిచేయదు. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఊరి పేరు పక్కపక్కన పెట్టి చూడాలి. తేలనివి కొనుగోలు చూసే పెద్దాయన దగ్గర కూర్చుని అడగడమే దారి. ఇక్కడ పొరపాటు నేరుగా పన్ను మీద పడుతుంది. తొక్క తీయని జీడిపిక్కలు రైతు దగ్గర కొంటే జీఎస్‌టీ కట్టాల్సింది కొన్న కంపెనీయే, రివర్స్ చార్జ్ కింద. రిజిస్టరైన వ్యాపారి దగ్గర కొంటే అతనే బిల్లులో వేస్తాడు. వెండర్ మాస్టర్లో రైతు అన్న గుర్తు తప్పుగా పడితే ఆ వెండర్ తర్వాతి బిల్లులన్నీ తప్పే.

బ్యాంకు ఖాతాల దగ్గర ఎక్సెల్‌ని నమ్మకు. అది అంకెగా తీసుకున్నదాంట్లో 15 అంకెల వరకే నిలుపుతుంది, పదహారోది సున్నా అయిపోతుంది. ఖాతా నంబరు కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకుని ఆ తర్వాతే డేటా పెట్టు. `ANDB`తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మీ చిట్టాలో తప్పక దొరుకుతాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఆ కోడ్‌లు ఇప్పుడు చెల్లవు. కొత్త కోడ్, ఖాతా నంబరు రద్దు చేసిన చెక్కు చూసి రాసుకో, ఫోన్లో చెప్పింది రాసుకోకు. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లా, పాలకొండ మన్యం జిల్లా అని చిరునామాలు దిద్దుతూ కూర్చోవద్దు. రాష్ట్రం మారలేదు కనుక పన్ను మారదు, అది తీరికున్నప్పటి పని.

ఐటమ్ మాస్టర్లో అన్నిటికన్నా ముందు కొలత చూడు. పలాసలో పిక్కల బస్తా అంటే 80 కిలోలు. స్టాకు 500 బస్తాలు ఉంటే కొత్త సిస్టమ్‌లో 40,000 కిలోలు పడాలి. యూనిట్ కిలో అని పెట్టి 500 ఎక్కిస్తే విలువ మాత్రం అంతే ఉంటుంది, కిలో ధర 80 రెట్లు అవుతుంది. పట్టుకోవడం తేలికే. ప్రతి ఐటమ్‌కీ విలువను పరిమాణంతో భాగించి, చివరి కొనుగోలు ధర పక్కన పెట్టి చూడు. లోడ్ చేయకముందే ఇది పట్టాలి. స్టాకు కదిలాక మూల యూనిట్ మార్చడానికి చాలా ఈఆర్పీలు ఒప్పుకోవు. హెచ్ఎస్ఎన్ కోడ్ కూడా చూసుకో, `08013100`ని ఎక్సెల్ `8013100` చేసేస్తుంది.

కస్టమర్ మాస్టర్ మీకు చిన్నదే అయి ఉంటుంది, పద్ధతి వెండర్ల లాంటిదే. పప్పు కొనే పార్టీయే పిక్కలు అమ్మేదీ అయితే మాత్రం టాలీలోని ఒక్క లెడ్జర్‌ని కస్టమర్, వెండర్ రెండుగా విడదీయాల్సి రావచ్చు.

నిజమైన లోడ్‌కు ముందు కనీసం రెండు ట్రయల్ లోడ్‌లు పెట్టమని పట్టుబట్టు. ప్రతిసారీ టాలీలో సండ్రీ క్రెడిటర్స్ మొత్తం, కొత్త సిస్టమ్‌లో వెండర్ల మొత్తం పైసాతో సహా కలవాలి. రెండు లెడ్జర్లు కలిపినా ఆ మొత్తం మారకూడదు. ఒకదాన్ని కస్టమర్, వెండర్‌గా విడదీస్తే మాత్రం ఆ రెండూ కలిపిన నికరం మారకూడదు. తేడా వస్తే మిగతా పని ఆపి దాని సంగతి చూడు. మార్చిలో కొత్త లెడ్జర్ ఎవరు తెరవొచ్చో ఒక్కరి పేరు రాయించుకో, లేకపోతే నువ్వు ఒక పక్క కడుగుతుంటే మరో పక్క మురికి చేరుతూనే ఉంటుంది.

ఏప్రిల్ అయ్యాక రెండు నెలలు అక్కడే ఉండు, నీ క్లీనింగ్‌లో ఏది తప్పిందో బయటపడేది అప్పుడే. ఆ తర్వాత కోర్సు చేయాలనుకుంటే శాప్‌లో కొనుగోళ్లు, స్టాకు చూసే ఎంఎం మాడ్యూల్ తీసుకో, నువ్వు చేతులారా చేసిన పని దానికే దగ్గర. ఎస్‌క్యూఎల్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లోనే వస్తుంది. మాస్టర్ డేటా అనలిస్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ మూడు లెడ్జర్ల లాంటి కథ ఒకటి అంకెలతో చెప్పు. కంపెనీ డేటా ఫైలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లకు.