అడ్మిషన్ కౌంటర్‌కు వేగం, కచ్చితత్వం రెండూ చూపే కొలమానాలు

ప్రశ్న: మా ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్ పనితీరును వేగంతో కొలిస్తే తప్పులు పెరుగుతున్నాయి. ఏ కొలమానాలు పెట్టాలి?

సమయాన్ని విడిగా, తప్పులను విడిగా కొలవకుండా, ఒకే అడ్మిషన్‌పై రెండింటినీ కలిపి చూడండి: టోకెన్ తీసుకున్న 20 నిమిషాల్లోపు పూర్తయి, తర్వాతి 48 గంటల్లో ఏ దిద్దుబాటూ అవసరం పడని అడ్మిషన్లు ఎన్ని శాతం?

ఉదాహరణకు 200 అడ్మిషన్లలో 180 సకాలంలో పూర్తయ్యాయని, 188 తప్పుల్లేకుండా ఉన్నాయని అనుకుందాం. విడివిడిగా 90, 94 శాతం కనిపిస్తుంది. రెండూ నెగ్గినవి 170 అయితే అసలు ఫలితం 85 శాతమే. త్వరగా ముగిసి తప్పుగా మిగిలిన ఆ 10 అడ్మిషన్లను సూపర్‌వైజర్ ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.

తొందరలో తరచూ జరిగే తప్పు ఒకటుంది: పాత రికార్డు వెతకకుండా కొత్త రోగి నంబరు ఇచ్చేయడం. అప్పుడు మందుల అలర్జీ గురించిన పాత వివరం కొత్త రికార్డులో కనిపించదు. అందుకే దీన్ని పేరులోని అక్షరదోషంతో సమానంగా లెక్కించడం నాకు సమ్మతం కాదు. ఒకే రోగికి రెండు నంబర్లు పడిన సంఖ్యను విడిగా చూపండి.

గడియారం టోకెన్ నుంచే మొదలవ్వాలి, స్క్రీన్ తెరిచినప్పటి నుంచి కాదు. ఎమర్జెన్సీలో తాత్కాలిక నమోదుతోనే వైద్యం మొదలవుతుంది కనుక, ఆ కేసులను ఈ లెక్కలో కలపకండి.