అయిదు గేర్ల పటంలో చివరి గేరు ఎటు తిరుగుతుంది?

ప్రశ్న: తిరుపతిలో ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేసి రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుతున్నాను సార్. నాలుగైదు గేర్లున్న బొమ్మ వస్తే దిశ, వేగం రెండూ తప్పుతున్నాయి. గేర్ల సంఖ్య బేసి అయితే చివరిది మొదటిదాని దిశలోనే తిరుగుతుందన్నారు. అది అన్నిచోట్లా పనికిరాదా?

జవాబు: పనికిరాదు. ప్రతి షాఫ్టుపైనా ఒక్కొక్క గేరే ఉన్నప్పుడు మాత్రమే ఆ సూత్రం నిలుస్తుంది. ఒకే షాఫ్టుపై రెండు గేర్లు బిగించిన బొమ్మ వచ్చిందంటే గేర్లను కాకుండా, పళ్లు కలిసే చోట్లను లెక్కపెట్టాలి. బయటి పళ్లు కలిసిన ప్రతిచోటా దిశ ఒకసారి మారుతుంది. ఒకే షాఫ్టుపై ఉన్న జంట మాత్రం ఒకే దిశలో, ఒకే వేగంతో తిరుగుతుంది. బొమ్మలో ఒకే కేంద్రం చుట్టూ గీసిన చిన్న, పెద్ద వృత్తాలు సాధారణంగా అలాంటి జంటను సూచిస్తాయి.

ఒక లెక్క చూద్దాం. 20 పళ్ల ఎ గేరు నిమిషానికి 600 చుట్లు సవ్యదిశలో తిరుగుతూ 50 పళ్ల బి గేరును, బి గేరు 40 పళ్ల సి గేరును తిప్పుతున్నాయి. సి షాఫ్టుపైనే 20 పళ్ల డి గేరు ఉంది, అది 60 పళ్ల ఇ గేరును తిప్పుతోంది. బి అపసవ్యదిశలో, సి తిరిగి సవ్యదిశలో తిరుగుతాయి. డి కూడా సవ్యదిశే కనుక ఇ అపసవ్యదిశలో తిరుగుతుంది. గేర్లు అయిదు కాబట్టి దిశ మారదనుకున్నవారు తప్పుతారు, ఎందుకంటే పళ్లు కలిసే చోట్లు మూడే.

వేగానికి వస్తే, బి ఐడ్లర్ గేరు కనుక దాని 50 పళ్లు ఎ, సి వేగాల నిష్పత్తిని మార్చవు. సి వేగం 600 × 20 ÷ 40 = 300 చుట్లు. డి వేగమూ 300 చుట్లే, అందువల్ల ఇ వేగం 300 × 20 ÷ 60 = 100 చుట్లు, నిష్పత్తి 6:1. మొదటి, చివరి గేర్ల పళ్లను మాత్రమే తీసుకుంటే 200 వస్తుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు ఆ అంకెను ఆప్షన్లలో పెట్టడం మరిచిపోరు. మీకు తరచూ ఇలాంటి జవాబే వస్తోందంటే, ఒకే షాఫ్టుపై ఉన్న జంటను మీరు పళ్లు కలిసిన జంటగా లెక్కిస్తున్నారన్నమాట.

లోపలి పళ్లున్న రింగు గేరుతో చిన్న గేరు కలిసినచోట దిశ మారదు, కాబట్టి దిశ కోసం లెక్కపెట్టేటప్పుడు ఆ కలయికను చేర్చకండి.

సందేహం తీరకపోతే మీ ఐటీఐ వర్క్‌షాపులోని లేత్‌కు కరెంటు పూర్తిగా ఆపించి, ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలో పక్క మూత తీయించి చూడండి. టంబ్లర్ లివరును ఒకవైపు నుంచి మరోవైపుకు మార్చి, చక్‌ను చేత్తో తిప్పితే లీడ్ స్క్రూ దిశ మారుతుంది గానీ చక్ ఒక చుట్టుకు అది తిరిగే మేర మారదు. అక్కడ దారిలో చేరేది, తప్పుకునేది ఒక ఐడ్లర్ గేరే.