ఆలస్య రుసుము: ఒక్క రోజు తేడా ఎక్కడిది?

"గడువు 2025 జనవరి 28. మార్చి 5న కట్టాను. బాకీ 36,500, వడ్డీ ఏడాదికి 18 శాతం. నా లెక్కకు 648, బిల్లులో 666. ఎవరిది తప్పు?"

మీ లెక్కే సరైనదండీ. ఏడాది వడ్డీ 6,570. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 18. తేడా కూడా 18 అంటే, వాళ్లు ఒక రోజు ఎక్కువ లెక్కపెట్టారన్నమాట. గడువు రోజున కట్టినా ఆలస్యం కాదు కాబట్టి ఆ రోజుకు వడ్డీ పడదు. జనవరిలో 3, ఫిబ్రవరిలో 28, మార్చిలో 5, మొత్తం 36 రోజులు. షీట్‌లో చూసుకోండి:

```
=DATE(2025,3,5)-DATE(2025,1,28)
```

36 వస్తుంది. చాలామంది దీనికి అలవాటుగా 1 కలిపేస్తారు, అదే ఇక్కడ జరిగినట్టుంది. లీపు సంవత్సరమైతే మాత్రం 37 రోజులే వచ్చేవి. ఒప్పందంలో గడువు రోజును కూడా కలపాలని రాసి ఉందేమో ఒకసారి చూసి, లేకపోతే ఆ 18 తగ్గించమని అడగండి.