చివరి స్లైడ్‌లో ఏం రాస్తే సేవ్ చేసుకుంటారు, ఏం రాస్తే ఇంకొకరికి పంపుతారు?

ప్రశ్న: నేను ఇన్‌స్టాగ్రామ్‌లో కరూసెల్ పోస్టులు పెడుతుంటాను. లైకులు బాగానే వస్తాయి, సేవ్‌లూ షేర్లూ మాత్రం దాదాపు ఉండవు. చివరి స్లైడ్‌లో ‘నచ్చితే లైక్ చేయండి, సేవ్ చేయండి, షేర్ చేయండి, ఫాలో అవ్వండి’ అని ప్రతిసారీ రాస్తున్నా. ఇంకేం రాయాలి?

జవాబు:

ముందు చదివేవారి వేలు ఎక్కడుందో చూడండి. లైక్ కొట్టాలంటే స్లైడ్ మీద ఎక్కడైనా రెండుసార్లు తడితే చాలు. సేవ్ చేయాలంటే వేలు బొమ్మ దాటి కిందికి దిగి, కుడి పక్కనున్న గుర్తును నొక్కాలి. పంపాలంటే కాగితపు విమానం గుర్తు నొక్కి, ఎవరికి పంపాలో కూడా ఎంచుకోవాలి. లైక్‌కి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, మిగతా రెండింటికీ కావాలి. మీ వాక్యం నాలుగు పనులు అడుగుతోంది, ఒక్కదానికీ కారణం చెప్పడం లేదు. అలాంటప్పుడు చదివినవాళ్లు అన్నిటికన్నా సులువైన పని చేసి ముందుకెళ్లిపోతారు.

నేను ప్రథమ చికిత్స మీద ఒక పేజీకి స్లైడ్లు రాస్తుంటాను. కాలిన గాయాల పోస్టు మీద చేసిన పని చెప్తాను, మీ విషయం వేరైనా పద్ధతి అదే.

పోస్టులో మొదటి స్లైడ్లన్నీ వివరణలే. కాలిన వెంటనే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఎందుకు ఉంచాలి, ఐస్ ఎందుకు పెట్టకూడదు, టూత్‌పేస్ట్, వెన్న ఎందుకు రాయకూడదు, ఉంగరాలూ గాజులూ వాపు రాకముందే ఎందుకు తీసేయాలి, ఇలా ఒక్కో స్లైడ్‌కి ఒక్కో విషయం. చివరి స్లైడ్‌లో మొదట ‘ఉపయోగపడితే సేవ్ చేసుకోండి’ అని రాశాం. అప్పటికే విషయమంతా చదివేసినవాళ్లు ఇంకేం దాచుకుంటారు? తిరిగి వెనక్కి రావడానికి ఆ స్లైడ్‌లో ఏమీ లేదు.

అందుకని చివరి స్లైడ్‌నే దాచుకోదగ్గ వస్తువుగా మార్చాం. పైన పెద్ద అక్షరాలతో ‘ఒళ్లు కాలితే’ అని, దాని కింద ఇలా:

‘చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు.
ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్ట లాగొద్దు.
ఐస్, పేస్ట్, వెన్న వద్దు.
గాయం కాలినవాళ్ల వేళ్లతో సహా అరచేతి కన్నా పెద్దదైనా, ముఖం మీదైనా, కరెంటు వల్లో రసాయనం వల్లో అయినా ఆస్పత్రికి.’

అన్నిటికన్నా కింద ఒకే వాక్యం: ‘కాలినప్పుడు ఇది వెతుక్కునే టైమ్ ఉండదు, ఇప్పుడే సేవ్ చేసి పెట్టుకోండి.’

ఈ వాక్యం బలమంతా ‘కాలినప్పుడు’ అన్న మాటలో ఉంది. సేవ్ అనేది రేపటి తన కోసం మనిషి చేసుకునే పని. ఆ రేపు ఎప్పుడు వస్తుందో కళ్లకు కట్టకపోతే ఎవరూ దాచుకోరు. మీరు రెజ్యూమె మీద పోస్టు రాస్తే ‘తర్వాత పనికొస్తుంది’ అనకండి, ‘అప్లికేషన్ పంపే ముందు ఈ ఆరు విషయాలూ ఒకసారి చూసుకోండి’ అనండి. ఆ క్షణం పేరు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే. ఎంత వెతికినా క్షణం దొరకకపోతే ఆ పోస్టు సేవ్‌కి పనికొచ్చే రకం కాదు. అభిప్రాయాలు, అనుభవాలు చెప్పే పోస్టులు చాలావరకు ఇలాంటివే. వాటికి సేవ్ అడగడం మానేయండి.

చివరి స్లైడ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. దాన్ని ఒక్కదాన్నే, మిగతా పోస్టు చూడని మనిషికి చూపిస్తాను. ‘దీన్ని బట్టి నువ్వు ఏం చేస్తావు?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. ‘పైన చెప్పినట్టు’, ‘3వ పాయింట్ గుర్తుందా’ లాంటి మాటలుంటే అక్కడే ఆగిపోతారు.

ఇక షేర్. ఇక్కడ నిజంగా జాగ్రత్త పడాల్సింది పంపేవాళ్ల మర్యాద గురించి. ఇదే పోస్టుకి ‘కాలిన చోట పేస్ట్ రాసేవాళ్లకు పంపండి’ అని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ పని చేసేది ఎవరో పరాయివాళ్లు కాదు, మన అమ్మో అత్తో. వాళ్లకిది పంపితే ‘నీకు తెలియదు’ అని మొహం మీద చెప్పినట్టవుతుంది. అందుకే ఎంత మంచి విషయమైనా చదివినవాళ్లు లోపలే ఉంచుకుంటారు. ‘ఈ తప్పులు చేసేవాళ్లను ట్యాగ్ చేయండి’ అనే రకం వాక్యాలన్నిటిలోనూ ఇదే లోపం. దాని బదులు ‘ఇంట్లో పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఎవరు? వాళ్లకి పంపండి’ అని రాశాం. చదవగానే ఒక మనిషి గుర్తొస్తుంది. పంపితే ఆ మనిషి గురించి ఆలోచించినట్టు ఉంటుంది, తప్పు పట్టినట్టు ఉండదు. ‘మీ ఫ్రెండ్స్‌కి పంపండి’ అంటే ఎవరూ గుర్తురారు, అందుకే ఎవరికీ వెళ్లదు.

ఒక పోస్టుకి రెండింట్లో ఒక్కటే అడగండి. ఏది అడగాలన్నది మీకేం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో దీని గురించి చెప్పారు. ఇప్పటికే ఫాలో అవుతున్నవారికి పోస్టు చేరడంలో లైకుల ప్రాధాన్యం కాస్త ఎక్కువ, ఫాలో కానివారికి చేరడంలో ఒకరికొకరు పంపుకోవడం ప్రాధాన్యం ఎక్కువ అన్నారు. కొత్తవాళ్లను చేరాలనుకుంటే షేర్ వాక్యం, ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ తెరిచి వాడుకోవాలనుకుంటే సేవ్ వాక్యం. మా పేజీలో చిట్టాలాంటి పోస్టులకు సేవ్, ‘ఫలానా వాళ్లు తెలుసుకోవాలి’ అనిపించే పోస్టులకు షేర్ పెడతాం. రెండూ పెట్టాలనిపిస్తే ఒకటి స్లైడ్ మీద, రెండోది క్యాప్షన్‌లో.

స్లైడ్ మీద బటన్ బొమ్మ గీయకండి. బొమ్మలోని బటన్ నొక్కితే ఏమీ జరగదు, రెండుసార్లు నొక్కితే లైక్ పడుతుంది! మీరు వద్దనుకున్నదే మీ చేత్తో అడిగినట్టవుతుంది. సేవ్ గుర్తు ఎలా ఉంటుందో తెలియనివాళ్లు ఉంటారనుకుంటే ఆ గుర్తు చిన్నగా వేసి ‘కింద కుడివైపు’ అని రాస్తే సరిపోతుంది.

ఫలితం చూసేటప్పుడు ఉత్త సేవ్‌ల సంఖ్య చూడొద్దు, పోస్టు ఎంతమందికి చేరిందో దానితో భాగించండి. ఉదాహరణకి 2,000 మందికి చేరి 40 సేవ్‌లు వస్తే 2 శాతం, 6,000 మందికి చేరి 60 వస్తే 1 శాతం. సంఖ్య పెరిగినా రెండో పోస్టే వెనకబడింది. పోల్చేటప్పుడు ఒకే రకం పోస్టులను పోల్చండి, చిట్టా పోస్టును అనుభవం పోస్టుతో పోలిస్తే తేడా వాక్యం వల్లో విషయం వల్లో తేలదు. ఒక వారం ఆగి చూడండి, ఎందుకంటే సేవ్‌లు లైకుల్లా మొదటి రోజే వచ్చి ఆగిపోవు.