ఊరి గ్రూపు పక్కన అయిదుగురి గ్రూపు

తమ్ముడూ, అమలాపురం దగ్గర మీ ఊళ్లో సంక్రాంతికి కొబ్బరితోటలో అందరికీ భోజనాలు పెడదామనుకున్నారనీ, 140 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఏదీ తేలట్లేదనీ రాశావు. తేలదు. పెద్ద గ్రూపుని అలాగే ఉంచి, పక్కన అయిదుగురితో ఇంకోటి పెట్టు. మిగతావన్నీ తర్వాత, ముందు డబ్బు సంగతి విను. ఇలాంటి పనుల్లో స్నేహాలు చెడేది అక్కడే.

మా ఊరివాళ్లం మొదటిసారి ఇలా కలుద్దామనుకున్నప్పుడు నేను డాలస్ వచ్చి ఎంతో కాలం కాలేదు. మాటలన్నీ పెద్ద గ్రూపులోనే నడిచాయి. ఎవరో ఆత్రేయపురం పూతరేకులు పెడదామంటే వరసగా బొటనవేలి గుర్తులు పడ్డాయి. ఊళ్లో ఉన్నాయన అవి చూసి, ఖాయమైపోయిందనుకుని ఆర్డరిచ్చేశాడు. ఇంకొకాయన వంటమేస్త్రికి ఫోన్ చేసి పనసపొట్టు కూర కూడా చెయ్యమన్నాడు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. కానీ బొటనవేలు పెట్టినవాళ్లెవరూ డబ్బు ఇస్తామనలేదు కదా! బయానా కట్టిన ఇద్దరి మీదే మిగతా ఖర్చూ పడింది. అందులో నేనొకణ్ణి. అప్పట్లో అది నాకు నెల అద్దె. అయినవాళ్లని గట్టిగా అడగలేం, అడక్కుండా ఉండలేం. ఆ తర్వాతి ఏడాది నుంచి చిన్న గ్రూపుతో నడిపాను. మళ్లీ ఎవరి జేబుకీ చిల్లు పడలేదు.

ఎక్కువ చందా ఇచ్చాడని ఎవరినీ అందులో చేర్చకు, పని చేసేవాణ్ణి చేర్చు. ఊళ్లో ఉండి వంటవాళ్లతో, షామియానా వాళ్లతో మాట్లాడే మనిషి ఒకరు. డబ్బు తీసుకునేవాళ్లు ఒకరు, లెక్క రాసేవాళ్లు ఇంకొకరు. ఈ రెండు పనులూ ఒక్కరికే ఇవ్వొద్దు, ఎంత నమ్మకస్తుడైనా సరే. నాలుగోవాడు వచ్చేవాళ్ల లెక్క చూడాలి. అయిదోవాడు పెద్ద గ్రూపులో మాట్లాడాలి. ఎవరైనా కొత్త సలహా ఇస్తే 'రాసుకున్నాను, రాత్రికి చెబుతాను' అని జవాబిచ్చేది అతనొక్కడే. వంటమేస్త్రికి ఫోన్ చేసేది కూడా ఊళ్లో ఉన్న ఆ ఒక్కరే.

మాట్లాడుకోవడానికి ఒక వేళ పెట్టుకోండి. చలికాలంలో ఊళ్లో రాత్రి 8 అయితే కువైట్‌లో సాయంత్రం 5:30, డాలస్‌లో ఉదయం 8:30. అందరూ మెలకువగా ఉండే వేళ అది. తేలిన విషయాలని గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

మీరు పోల్ పెట్టి 71 మంది వస్తున్నారని రాశావు చూడు, అక్కడ జాగ్రత్త. పోల్ లెక్కపెట్టేది ఫోన్లని, విస్తళ్లని కాదు. 'వస్తారా' అని అడగొద్దు, 'మీ ఇంట్లోంచి ఎంతమంది' అని అడిగి 1, 2, 3, 4, 5 అని ఆప్షన్లు ఇవ్వు. ఒకరు ఒక్క జవాబే ఇచ్చేలా పెట్టు. ఆ 71లో ఒక్కరే వచ్చేవాళ్లు 14, ఇద్దరు 20, ముగ్గురు 9, నలుగురు 22, అయిదుగురు 6 అనుకుందాం. అన్నీ కలిపితే 199 మంది! 71 అని మేస్త్రికి చెబితే గుమ్మడికాయ దప్పళం మొదటి పంక్తికే అయిపోతుంది. డబ్బు కట్టిన ఇళ్ల లెక్క వేరే రాసుకోండి. మేస్త్రికి చెప్పే సంఖ్య దాన్ని బట్టే ఉండాలి.

చిన్న గ్రూపుకి ఒక జబ్బు ఉంది. లోపల ఏదో దాస్తున్నారని బయట అనుమానం పుడుతుంది. అందుకే ఆ అయిదుగురి పేర్లు, ఎవరి పని ఏదో మొదటిరోజే పెద్ద గ్రూపులో పెట్టు. ఏది తేలినా అదే రాత్రి నాలుగు ముక్కల్లో అక్కడ రాయండి: ఏం అనుకున్నాం, ఎంత ఖర్చు, ఎంత వచ్చింది, ఇంకా ఎంత రావాలి. ఆ మెసేజ్‌ని పిన్ చెయ్యండి. 'మమ్మల్ని అడగలేదే' అన్న మాట పెద్దవాళ్ల నోట వచ్చిందంటే మీరు ఒకటి రెండు రోజులు రాయడం మానేశారన్నమాట. ఆ సాయంత్రమే ఆ పెద్దాయనకి ఫోన్ చెయ్యి, మెసేజ్ చాలదు. చివరి మూడు రోజులు మాత్రం పెద్ద గ్రూపులో అడ్మిన్లే రాసేలా మార్చు. ముందు నుంచీ నోరు కట్టేస్తే చందాలు కూడా ఆగిపోతాయి.

డబ్బు మిగిలితే గుడికో బడికో ఇద్దామంటారు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు ఊళ్లో సంఘాలకి వెళ్తే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ నిబంధనలు వస్తాయి, అది ఒక సీఏని అడిగి తెలుసుకో. మిగులు ఏం చెయ్యాలో బయానా కట్టకముందే పెద్ద గ్రూపులో తేల్చుకోండి. పండగ అయ్యాక బిల్లుల ఫోటోలతో సహా లెక్క అక్కడ పెట్టి, వారం రోజులు అందరినీ చూసుకోనిచ్చి, అప్పుడు చిన్న గ్రూపు తీసెయ్యండి.